క్యాబిన్‌లో ఇరవై తొమ్మిది, కౌంటర్లో యాభై ఎనిమిది

జూన్ రెండో వారం. పది దాటి పది నిమిషాలైంది. తెనాలికి దగ్గర్లో ఒక మండల కేంద్రం, అందులో ఓ ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచి. ఏరువాకకు డబ్బు కావాలి కాబట్టి బీరువాల్లోని బంగారం చేతిసంచుల్లో ఇక్కడికి చేరుతోంది. మీరు మూడో కౌంటర్లో కూర్చున్నారు. మీకు 58 ఏళ్లు.

పంచెకట్టుతో ఒక పెద్దాయన తిన్నగా లోపలికొచ్చి, గాజు తలుపు క్యాబిన్‌ను దాటి, మీ ముందు నిలబడి చేతులు జోడిస్తాడు. "నమస్కారం మేనేజర్ గారూ. మా లోను సంగతి కాస్త చూడాలి."

క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. లోపలున్నావిడకు ఆ మాట వినపడింది. మేనేజరు ఆవిడే. వయసు 29. విజయనగరం వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఈమధ్యే చార్జి తీసుకున్నారు. తలెత్తి ఒక్క క్షణం మీ వంక చూసి మళ్లీ స్క్రీను వైపు తిరుగుతారు.

"కూర్చోండి, నేను చూస్తాను" అనేయడం మీకు తేలిక. ఆ పెద్దాయనకూ అదే కావాలి. కానీ మీరు లేస్తారు. ఆయన్ని వెంటబెట్టుకుని క్యాబిన్ దాకా నడిచి, "మన మేనేజరు మేడం గారేనండీ. మీ లోను ఆవిడే చూస్తారు" అని చెప్పి వచ్చేస్తారు. మీరు సీట్లో కూర్చునేలోపు లోపల్నించి పెద్దాయన గొంతు వినిపిస్తుంది. "పెద్దవాళ్లెవరూ లేరామ్మా?"

ఆవిడ ఈ ప్రశ్నను రోజుకు ఎన్నిసార్లు వింటున్నారో మీకు తెలుసు. హాల్లో ఆవిడ కాస్త బిగుసుకుని మాట్లాడడానికి, నవ్వు తక్కువగా ఉండడానికి కారణం అందులోనే ఉంది. వయసును చూసి పనితనాన్ని లెక్కగట్టేవాళ్ల మధ్య ఆవిడా ఉన్నారు, మీరూ ఉన్నారు. ఆవిడకు అది కస్టమర్ల నుంచి వస్తోంది. మీకు ఆవిడ నుంచే వస్తోంది.

పదకొండు గంటలు. ఒక ఖాతా లావాదేవీలు చూడాలి. మీ వేళ్లు అలవాటుగా నాలుగు అక్షరాలు కొడతాయి: ACLI. స్క్రీను ఒప్పుకోదు. ఫినాకిల్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు పాత మెనూ పేర్ల ముందు ఒక H వచ్చి చేరింది. ACLI కాస్తా HACLI అయింది. మీకు అది తెలుసు. కానీ చేతులకు పాత పేరే ముందు తగులుతుంది. మళ్లీ సరిగ్గా కొట్టబోతుండగా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మౌసు అందుకుంటుంది.

"మీరుండండి సార్, నేను చేసేస్తాను."

గొంతులో విసుగు లేదు. మర్యాదే ఉంది. అందుకే దానికి ఏమని బదులివ్వాలో తోచదు. కీబోర్డు పక్కన తెరిచి ఉన్న మీ చిన్న నోటు పుస్తకం మీద ఆవిడ చూపు పడుతుంది. నీలం ఇంకుతో వరసగా మెనూ పేర్లు, ఒక్కోదాని ఎదుట అది ఏ పనికో రాసుకున్న ముక్క. గుర్తుండక రాసుకున్నారని ఆవిడ అనుకుంటారు. ఆ పుస్తకం అసలు కథ వేరు. 1989లో మీరు చేరినప్పుడు లెడ్జర్లుండేవి. తర్వాత లెడ్జర్ పోస్టింగ్ మెషిన్లొచ్చాయి. కంప్యూటర్లొస్తే ఉద్యోగాలు పోతాయని సంఘాలు గట్టిగా వాదిస్తున్న కాలమది. ఆ తర్వాత బ్రాంచి మొత్తం కంప్యూటర్ల మీదికి వెళ్లింది. ఆపైన అన్ని బ్రాంచీలనూ కలిపే కోర్ బ్యాంకింగ్, ఆ మీదట దాని కొత్త వెర్షన్. మారిన ప్రతిసారీ మీరు ఒక కొత్త పుస్తకం మొదలుపెట్టారు. పాత పద్ధతిని వదిలేసి కొత్తదాన్ని పట్టుకోవడం ఆవిడకింకా అనుభవంలోకి రాలేదు. ఆవిడ చేరేనాటికే ఈ వ్యవస్థ ఉంది, నేటికీ ఇదే ఉంది. మీరు అన్నేసి మార్పులు దాటి వచ్చారు. అయినా సిస్టమ్ రానివారి లెక్కలో మీరే పడ్డారు.

సాయంత్రం కొత్త డ్యూటీ చార్టు అంటిస్తారు. గోల్డ్ లోన్ సీటు ఎదురుగా రెండేళ్ల క్రితం చేరిన కుర్రాడి పేరు. మీ పేరెదుట ఎంక్వైరీ, పాస్‌బుక్ ప్రింటింగ్. "ఈ వయసులో మీకు స్ట్రెయిన్ ఎందుకు సార్" అంటారావిడ, నిజంగానే మేలు చేస్తున్నాననుకుని. వచ్చే నెల ట్రైనింగుకు వెళ్లేవాళ్ల పేర్లలోనూ మీది లేదు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషికి శిక్షణ దేనికన్నది ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా అందరికీ అర్థమైంది.

ఇది మీ ఒక్క బ్రాంచి సంగతి కాదని చెప్పడానికి ఇక్కడ కాస్త ఆగుతాను. ప్రభుత్వ బ్యాంకుల్లో 1990ల తర్వాత చాలాకాలం నియామకాలు బాగా తగ్గిపోయాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద దేశమంతటా సుమారు లక్ష మంది ఉద్యోగులు బయటికి వెళ్లారు. అంతకుముందు పరీక్షలు పెట్టే బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులను 2001లో రద్దుచేశారు. మళ్లీ పెద్ద ఎత్తున కుర్రకారు రావడం ఆ దశాబ్దం చివర్లో మొదలై, 2011లో ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్షతో ఊపందుకుంది. దాంతో మధ్య తరం పలచబడిపోయింది. నలభై అయిదేళ్ల మేనేజరు కింద యాభై ఎనిమిదేళ్ల క్లర్కు ఉంటే ఎవరికీ వింతగా ఉండదు. ఆ నలభై అయిదేళ్లవాళ్లే చాలినంతమంది లేరు. పైగా మీలాంటివాళ్లు చాలామంది ఆఫీసర్ ప్రమోషన్‌ను కావాలనే వద్దనుకున్నారు. తీసుకుంటే ఎక్కడెక్కడికో బదిలీ, ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, పిల్లల చదువులు. కాబట్టి అరవైకి చేరువైన క్లర్కు కనిపిస్తే పైకి ఎదగలేకపోయిన మనిషని కొత్తవాళ్లు అనుకోవడం చాలా సందర్భాల్లో తప్పు లెక్క.

మర్నాడు మీరు ఎంక్వైరీ సీట్లో ఉన్నారు. పాస్‌బుక్ మెషిన్ గరగరమంటోంది. ఎవరో ఒక కస్టమర్ మొబైల్ నంబరు మార్చమని ఫారం ఇచ్చారు. ఆ పని ఎలా చేయాలో మీకు ఖచ్చితంగా తెలియదు. పక్క సీట్లో కుర్రాడు ఖాళీగా ఉన్నాడు. "బాబాయ్, మీ పాస్‌వర్డ్ చెప్పండి, రెండు నిమిషాల్లో కొట్టేస్తా" అంటాడు, ప్రేమగానే.

ఇక్కడ మీరు తడబడకూడదు. ఏళ్ల తరబడి పనిచేసిన పెద్ద ఉద్యోగులు ఎందరో ఈ ఒక్కచోట చిక్కుకున్నారు. మీ ఐడీలో పడిన ప్రతి ఎంట్రీ మీదే. ఎవరు కొట్టారని తర్వాత ఎవరూ అడగరు. అందులో ఒక్కటి తప్పుడు నంబరై, దాంతో ఎవరి ఖాతాలోంచైనా డబ్బు పోతే విచారణ మీ పేరున మొదలవుతుంది. అది తేలకుండానే రిటైర్మెంట్ తేదీ వచ్చిందంటే గ్రాట్యుటీ ఆగిపోవచ్చు. ఇంకో నష్టం కూడా ఉంది, అది పైకి కనిపించదు. మీ పని వేరొకరు కొట్టిపెట్టిన ప్రతిసారీ, మీకు రాదన్న మాటకు మీరే ఒక సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

"పాస్‌వర్డ్ వద్దు నాన్నా. నువ్వు పక్కన కూర్చుని చెప్పు, నేను కొడతాను" అంటారు మీరు. పన్నెండు నిమిషాలు పడుతుంది. కస్టమర్ గడియారం చూసుకుంటాడు. నోటు పుస్తకంలో ఒక కొత్త వరస చేరుతుంది.

ఆ మర్నాడు సాయంత్రం నాలుగు గంటలు దాటాయి. హాలు ఖాళీ అయింది. క్యాష్ టాలీ అయ్యాక మీరు క్యాబిన్ తలుపు దగ్గర నిలబడతారు. ఈ మాట పొద్దున హాల్లో, నలుగురి ముందు అయ్యేది కాదు. యూనియన్ కార్యదర్శితో చెప్పించే మాటా కాదు, కనీసం ఇప్పుడప్పుడే కాదు.

"మేడం, పది నిమిషాలు కావాలి. డ్యూటీ చార్టు గురించి."

వయసు గురించి కాదు, చార్టు గురించి. ఈ తేడా పట్టుకోండి. వయసు పేరెత్తారా, ఆవిడ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది, మాట అక్కడే ముగుస్తుంది. చార్టు గురించైతే ఇద్దరూ కలిసి చూడడానికి బల్ల మీద ఒక కాగితం ఉంటుంది.

మీ చేతిలోనూ ఒక కాగితం ఉంది. అందులో మూడే సంగతులు. రోజూ తడుముకోకుండా చేసే పనులు మొదట. ఇంకా రానివి రెండోది: గోల్డ్ లోన్ కొత్త స్కీము కోడ్‌లు, ఆన్‌లైన్‌లో భూమి రికార్డు తీయడం. మొబైల్ నంబరు మార్పు మాత్రం నిన్ననే నేర్చుకున్నారు. అడుగుతున్నది మూడోది: వారం రోజులు గోల్డ్ లోన్ సీటు. ఎంట్రీ మీరు వేస్తారు, వెరిఫై ఆవిడే చేస్తారు, ఎన్ని వెనక్కి కొట్టారో వారం చివర లెక్క చూద్దామని. కింద ఒక ముక్క విడిగా రాశారు. స్క్రీను మీద అక్షరాలు పెద్దవి చేయించాలి, ఈ సైజు కళ్లకు ఆనడం లేదు. దాన్ని దాచిపెట్టి ఉంటే తప్పులు పడేవి, ఆ తప్పులన్నీ వయసు ఖాతాలోనే పడేవి. అడిగేస్తే అది సెట్టింగ్ మార్చే పని, అంతే.

రానివాటి వరస దగ్గర ఆవిడ చూపు ఆగుతుంది. అన్నీ వచ్చని చెప్పే మనుషుల్ని ఆవిడ చూసే ఉంటారు. కాసేపటికి అసలు సంగతి బయటికొస్తుంది.

"తప్పుగా అనుకోకండి సార్. వెరిఫై నా ఐడీ మీద చేయాలి. పోయిన బ్రాంచిలో ఒక సీనియర్ గారి ఐడీతో వేరేవాళ్లు ఎంట్రీలు వేశారు. వివరణ నేను రాసుకోవాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ ముందే…"

ఇన్నాళ్లూ అది మీమీద చిన్నచూపనుకున్నారు. అందులో సగం భయం. బ్యాంకులో ఎంట్రీ వేసేవారు ఒకరు, దాన్ని సరిచూసి ఒప్పుకునేవారు మరొకరు. కింద వేసిన తప్పుకు పైన నొక్కినవారూ జవాబు చెప్పాలి. ఇరవై తొమ్మిదేళ్లకే అలాంటి వివరణ ఒకటి రాసిన మనిషి, తెలిసిన చేతుల్ని వెతుక్కుంటుంది. తన ఈడు చేతులు తెలిసినవిగా కనిపిస్తాయి. ఆ అంచనా తప్పే, కానీ అది పుట్టిన చోటు తెలిశాక మాట్లాడడం సులువవుతుంది.

"నా పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వను మేడం. నిన్న అడిగినా ఇవ్వలేదు" అంటారు మీరు. ట్రైనింగ్ సంగతి కూడా అప్పుడే. "ఒక్కరోజు శిక్షణ. నాకింకా రెండు ఖరీఫ్‌లు, రెండు రబీలు ఉన్నాయి. ఆ రోజు బ్యాంకుకు గిట్టుబాటవుతుంది."

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. చూద్దామన్నారు. కాసేపాగి, సోమవారం నుంచి వారం అన్నారు.

సోమవారం రెండో కస్టమర్. డెబ్బై దాటిన ఒక అమ్మగారు, గుడ్డలో చుట్టిన హారం. పాత కాలపు గుండ్ల హారం, మధ్యలో రాళ్ల పతకం. అప్రైజర్ గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి, 22 క్యారెట్లని రాశాడు. మొత్తం తూకం 48.600 గ్రాములు. రాళ్లకు 4.200 తీసేసి నికరం 44.400 అని చీటీ ఇచ్చాడు. కొత్తవాడు, బయట ఇంకా పదిమంది ఉన్నారు.

మీరు హారాన్ని చేతిలోకి తీసుకుంటారు. ఒక గుండును బొటనవేలి గోటితో తట్టి, రంధ్రం దగ్గర దీపానికి ఎత్తి చూస్తారు. లోపల నల్లగా, ఎర్రగా ఏదో ఉంది. ఈ ప్రాంతంలో అప్పట్లో చేయించిన గుండ్లు పలచటి రేకు, నొక్కుకుపోకుండా లోపల లక్క నింపేవారు. "లక్క తీశావా బాబూ?" అప్రైజర్ మళ్లీ చూసుకుని, గుండ్లు లెక్కపెట్టి, లక్కకు మరో 3.000 గ్రాములు కొడతాడు. నికరం 41.400.

గ్రాముకు 6,000 రూపాయలిస్తున్నారనుకుందాం. 44.400 మీద 2,66,400 రూపాయలు. 41.400 మీద 2,48,400. తేడా 18,000. అప్పు తీరకపోయి, నగ వేలానికి వస్తే, ఆ సొమ్ముకు ఆధారంగా బంగారం ఉండదు. అమ్మగారికి తగ్గించడం బాధే. "మీ నగ మేలిమే అమ్మా, లక్కకు మాత్రం మేం డబ్బివ్వలేం" అని కూర్చోబెట్టి చెబితే ఆవిడ తలూపుతారు.

అదే ఎంట్రీ పది నిమిషాల్లో క్యాబిన్ నుంచి వెనక్కి వస్తుంది. మీరు వ్యవసాయ గోల్డ్ లోన్ స్కీము పెట్టారు. "1బి ఏది సార్? స్కీము ఒప్పుకోదు." పూర్వం రైతు కుటుంబమని తెలిస్తే కాగితం తర్వాత తెప్పించుకునేవారు, మీ చేతికి ఆ అలవాటే మిగిలింది. ఇప్పుడు మీభూమి వెబ్‌సైట్ నుంచి భూమి రికార్డు తీసి ఫైల్లో పెట్టకపోతే ఆడిట్‌లో రాస్తారు. ఆవిడ వచ్చి మీ పక్కన నిలబడతారు. ఈసారి మౌసు జోలికి రాలేదు. జిల్లా, మండలం, ఊరు ఎక్కడ ఎంచుకోవాలో చెబుతారు, మీరు నొక్కుతారు. నోటు పుస్తకంలో ఇంకో వరస.

వెనక్కి వచ్చినందుకు చిన్నబుచ్చుకున్నారా? ఇలాంటి కథల్లో ఎక్కడో నకిలీ గొలుసొకటి తేలుతుంది, అనుభవశాలి దాన్ని పట్టేస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. మన బ్రాంచిలో అలాంటిదేమీ జరగలేదు. జరగాల్సిన పనీ లేదు. పనితనం తేలాల్సింది మామూలు రోజున, మామూలు ఎంట్రీల్లో. తిరిగొచ్చిన ఎంట్రీకి కారణం అడిగి తెలుసుకుంటే, అదే కారణంతో మరోసారి రాకపోతే, ఆ సీటు ఆ మనిషికి వచ్చినట్టే. అరవైకి దగ్గరైనా, ఇరవైలో ఉన్నా లెక్క ఒకటే.

వారంలో మీరు సరిచేసుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి. హాల్లో ఆవిడను "అమ్మా" అని పిలవడం మానేశారు. ఇంట్లో కూతురి ఈడే కావచ్చు, కౌంటర్ బయట నిలబడ్డ రైతుకు ఆ పిలుపు వేరేలా వినిపిస్తుంది. ఆవిడ అడగకముందే "ఇదివరకు మేం ఇలా చేసేవాళ్లం" అనడమూ తగ్గించారు. ఆవిడా ఒకటి మార్చుకున్నారు. లక్క సంగతి విన్నాక అప్రైజర్ చీటీలో రాళ్లకు, లక్కకు, దారానికి విడివిడిగా తీసివేత రాయాలని చెప్పారు.

శనివారం సాయంత్రం లెక్క చూశారు. తిరిగొచ్చినవి రెండు, రెండూ మొదటి రెండు రోజుల్లోవే. ఆవిడ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. చార్టు తీసి గోల్డ్ లోన్ సీటు ఎదురుగా మీ పేరు రాశారు. కుర్రాడిని వారానికి రెండు రోజులు మీ పక్కన కూర్చోమన్నారు. ట్రైనింగ్ జాబితాకు ఈసారి ఆలస్యమైందని, వచ్చే బ్యాచ్‌లో పంపుతానని చెప్పారు. ఆ మాట నిలబడుతుందో లేదో మీరు గమనిస్తూనే ఉండాలి. ఒక్క వారంతో అన్నీ చక్కబడవు. వచ్చే పంచెకట్టు పెద్దాయన మళ్లీ మిమ్మల్నే మేనేజరంటాడు, మీరు మళ్లీ లేవాలి.

బ్రాంచి మేనేజర్లుగా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక విన్నపం. ఒక పెద్ద ఉద్యోగిని సీటు నుంచి తప్పించే ముందు, ఆ సీట్లో గత మూడు నెలల్లో ఆయన లేదా ఆవిడ ఐడీ మీద పడిన ఎంట్రీలు ఎన్ని, వాటిలో మీరు వెనక్కి కొట్టినవి ఎన్ని, ఏ కారణాలతో కొట్టారో ఒక్కసారి తీసి చూడండి. చూశాక కూడా మార్చాలనిపిస్తే మార్చండి. అప్పుడు ఆ అంకెలను వారి ముందు పెట్టి, కారణం వారికే చెప్పండి.